బామ్మర్ది చెప్పిన దానిమ్మా, అమ్మాయి చెప్పిన సూచికా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల మండలం. 10 ఎకరాల పాత చీనీ తోట ఉంది, పక్కనే 17 ఎకరాలు ఖాళీగా ఉంది. టౌన్లో స్థలం అమ్మితే 30 లక్షలు చేతికొచ్చాయి. అప్పు మాత్రం చేయొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. నాలుగు పనులు అనుకున్నాం. పాత తోటకు డ్రిప్ (6 లక్షలు), 4 ఎకరాల్లో పందిరి కూరగాయలు (10 లక్షలు), 8 ఎకరాల కొత్త చీనీ (12 లక్షలు), 5 ఎకరాల దానిమ్మ (20 లక్షలు). బ్యాంకులో పనిచేసే మా బామ్మర్ది 12 శాతం మీద లెక్క కట్టి, ఎన్‌పీవీ వరసగా 3.6, 4.5, 4.8, 7 లక్షలు వస్తుందన్నాడు. ఎక్కువ వచ్చేది దానిమ్మే కాబట్టి అది పూర్తిగా వేసి, మిగిలింది చీనీకి పెట్టమంటాడు. ఎంబీఏ చదువుతున్న మా అమ్మాయి ఎన్‌పీవీ కాదు, లాభదాయకత సూచిక చూడాలంటుంది. ఇంట్లో రోజూ ఇదే వాదన. ఉన్నది ఒక్కటే బోరు. కరెంటు 9 గంటలు ఉంటే వేసవిలో పాత తోటకే 7 గంటలు పోతుంది. లెక్కల కాగితాలు జత చేశాను. ఎవరి మాట వినమంటారు?
— ఒక రైతు

సమాధానం:

ఇద్దరిలో మీ అమ్మాయి మాటే సరి. అయితే ఆ అమ్మాయి లెక్క కూడా మీ పొలంలో దిగేసరికి రెండు చోట్ల ఆగుతుంది. ఒకటి బోరు దగ్గర, రెండోది కంచె దగ్గర. ముందు సూచిక ఎందుకు సరైనదో చూసి, తర్వాత అక్కడికి వెళ్దాం.

మీ బామ్మర్ది అంకెల్లో తప్పేమీ లేదు. డ్రిప్ కాగితం ఒక్కటి నేను మళ్లీ వేసి చూశాను. కూలీ ఖర్చు తగ్గడం, దిగుబడి కాస్త పెరగడం కలిపి ఏడాదికి 2.1 లక్షలు, ఏడేళ్లపాటు వస్తుందని రాశారు. 12 శాతం మీద ఏడేళ్లపాటు ఏటా వచ్చే ఒక్కో రూపాయికి, అన్నీ కలిపి, ఈ రోజు విలువ సుమారు 4.56 రూపాయలు. 2.1ని దాంతో గుణిస్తే దాదాపు 9.6 లక్షలు. అందులోంచి ఇప్పుడు పెట్టే 6 లక్షలు తీసేస్తే 3.6 లక్షలు. ఇదే ఎన్‌పీవీ, అంటే పెట్టుబడీ దాని మీద 12 శాతమూ పోను, ఈ రోజు విలువలో మిగిలేది. మిగతా మూడూ ఇదే పద్ధతిలో ఉన్నాయి.

తేడా ఆ అంకెల్ని వాడిన తీరులో ఉంది. డబ్బుకు కొదవ లేనప్పుడు ఎన్‌పీవీ సున్నాకు పైన ఉన్న ప్రతి పనీ చేసుకోవచ్చు, వరస పెట్టే అవసరమే రాదు. మీ నాలుగు పనులూ పైనే ఉన్నాయి. కానీ అన్నీ కలిపితే 48 లక్షలు, చేతిలో 30. అలాంటప్పుడు దానిమ్మకు పెట్టిన ప్రతి రూపాయీ ఇంకో పనికి లేకుండా పోయిన రూపాయే. కాబట్టి ఏ పని ఎంత మిగులుస్తుందని కాదు, ఒక్కో రూపాయి ఏ పనిలో ఎంత మిగులుస్తుందని అడగాలి. సూచిక చెప్పేది సరిగ్గా అదే. ముందు ముందు వచ్చే డబ్బుకు ఈ రోజు విలువ కట్టి, దాన్ని ఇప్పుడు పెట్టే డబ్బుతో భాగిస్తాం. డ్రిప్‌కు 9.6ను 6తో భాగిస్తే 1.6. పందిరికి 14.5ను 10తో భాగిస్తే 1.45. చీనీకి 1.4. దానిమ్మకు 27ను 20తో భాగిస్తే 1.35.

అంటే డ్రిప్‌లో పెట్టిన రూపాయి తనను తాను తిరిగి తెచ్చుకుని పైన 60 పైసలు ఇస్తుంది. దానిమ్మలో పెట్టిన రూపాయి పైన ఇచ్చేది 35 పైసలు. నాలుగింటిలో దానిమ్మ ఎన్‌పీవీ పెద్దగా కనిపించడానికి కారణం అది 20 లక్షలు మింగడమే. పెద్ద మొత్తం పెడితే పెద్ద మొత్తం మిగిలింది, అంతే.

బామ్మర్ది చెప్పినట్టు చేస్తే దానిమ్మకు 20 లక్షలు, మిగిలిన 10 లక్షలకు చీనీ ఆరు ఎకరాల డెబ్భై సెంట్ల దాకా వస్తుంది. మిగిలేది 7, 4 కలిపి 11 లక్షలు. అమ్మాయి చెప్పినట్టు సూచిక ఎక్కువ ఉన్నదాని నుంచి మొదలుపెడితే డ్రిప్ మొత్తం, పందిరి మొత్తం, చీనీ మొత్తం అయిపోతాయి, 28 లక్షలు ఖర్చవుతాయి. మిగిలిన 2 లక్షలకు దానిమ్మ అర ఎకరం. మిగిలేది 3.6, 4.5, 4.8, 0.7 కలిపి 13.6 లక్షలు. అదే 30 లక్షలు, అదే పొలం, వరస మార్చినందుకు 2.6 లక్షలు ఎక్కువ.

ఇది ఇలాగే ఎందుకు వస్తుందో బామ్మర్దికి చెప్పాలంటే సూత్రాలేమీ అక్కర్లేదు. ఆయన ప్లాన్‌లోంచి దానిమ్మకు కేటాయించిన లక్ష రూపాయలు తీసి డ్రిప్‌లో పెట్టమనండి. దానిమ్మలో 35 వేలు పోతాయి, డ్రిప్‌లో 60 వేలు వస్తాయి. ఇంకో లక్ష అలాగే మార్చమనండి. ఇలా మార్చినకొద్దీ పెరుగుతూనే ఉంటుంది. ఇక ఏ లక్షను ఎటు మార్చినా పెరగని చోటికి వచ్చి ఆగితే, అది సరిగ్గా మీ అమ్మాయి చెప్పిన వరసే అవుతుంది. చివర్లో ఒక్క పని మాత్రం సగంలో ఆగుతుంది. ఈ మార్పిడి కుదరాలంటే మాత్రం ప్రతి పనినీ కావలసినంత కోసుకోగలగాలి. లక్షకు లక్షంత పని జరగాలి. పొలం పనులకు ఇది చాలావరకు కుదురుతుంది, ఎకరాల్లో కొలుస్తాం కాబట్టి. అదే కోల్డ్ స్టోరేజీ అయితే సగం కట్టలేం, అప్పుడు సూచిక వరస పనికిరాదు. కుదిరే జతలన్నీ రాసుకుని 30 లక్షల్లో ఏ జత ఎక్కువ మిగులుస్తుందో చూసుకోవాల్సిందే.

ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. గీత కింద, అంటే భాగించే చోట, మీ 30 లక్షల్లోంచి వెళ్లే డబ్బు మాత్రమే ఉండాలి. డ్రిప్‌కు రాయితీ వచ్చి మీరు మీ వాటా మాత్రమే కట్టే పద్ధతి అయితే, గీత కింద 6 లక్షలు కాదు, ఆ వాటా మాత్రమే రాయాలి. ఉదాహరణకు వాటా 3 లక్షలైతే సూచిక ఒక్కసారిగా 3.2కు పోతుంది. అలా కాకుండా ముందు మొత్తం కట్టేసి, రాయితీ తర్వాత ఖాతాలో పడేదైతే, ఈ రోజు మీ జేబులోంచి పోయేది 6 లక్షలే. రాయితీని పైన, వచ్చే డబ్బులో కలపాలి. రెంటినీ కలగాపులగం చేసిన లెక్కలు చాలా చూశాను. ఎలాగూ డ్రిప్ మొదటి స్థానంలోనే ఉంది కాబట్టి మీ వరస మారదు, కానీ చేతిలో మిగిలే డబ్బు మారుతుంది.

ఇక బోరు దగ్గరికి వద్దాం.

సూచిక ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. మీకు కొరతగా ఉన్నది డబ్బొక్కటే అని. అనంతపురం జిల్లాలో ఆ మాట నమ్మడం కష్టం. మీ కాగితంలో నీటి లెక్క వేరే పేజీలో ఉంది, దాన్ని ఎవరూ డబ్బు లెక్కతో కలపలేదు. చెట్లు కాపుకొచ్చాక, ఎండాకాలంలో, రోజుకు ఎన్ని మోటారు గంటలు కావాలో రాశారు. పందిరి 4 ఎకరాలకు 2 గంటలు, కొత్త చీనీ 8 ఎకరాలకు 4 గంటలు, దానిమ్మ 5 ఎకరాలకు గంటన్నర. కాపుకొచ్చాక అన్న మాట రాయడం మంచిదైంది. చాలామంది చీనీ మొక్క చిన్నగా ఉన్నప్పటి నీళ్లు చూసి, బోరు సరిపోతుందనుకుని ఎకరాలు పెంచేస్తారు. ఆరో ఏడు ఏప్రిల్‌లో తెలుస్తుంది సంగతి.

ఉన్న 9 గంటల్లో పాత తోట 7 తింటోంది. కాబట్టి డ్రిప్ లేకుండా ఏ కొత్త పనికైనా మిగిలేది 2 గంటలే. బామ్మర్ది ప్లాన్‌కు దానిమ్మకు గంటన్నర, చీనీకి మూడు గంటల పైన, అంటే దాదాపు 5 గంటలు కావాలి. ఆయన ప్లాన్‌లో డ్రిప్పే లేదు. 11 లక్షలు మిగలడం మాట అటుంచండి, మొదటి వేసవికి కాకపోయినా నాలుగైదు వేసవులకు తోటలు రెండూ వాడిపోతాయి.

డ్రిప్ వేస్తే పాత తోట 4 గంటలతో సరిపెట్టుకుంటుందని రాశారు. అప్పుడు కొత్త పనులకు 5 గంటలు దొరుకుతాయి. ఇక్కడ ఒకటి గమనించండి. డ్రిప్ ఎన్‌పీవీ 3.6 లక్షల్లో ఈ 3 గంటల నీళ్ల విలువ ఎక్కడా లేదు. పాత తోటలో వచ్చే లాభం మాత్రమే ఉంది. కానీ ఆ 3 గంటలు లేకపోతే కొత్త తోటల్లో సగం పైన లేవు. అంటే ఈ నాలుగు పనులు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. సూచిక వాటిని వేటికవిగా చూస్తుంది. అదృష్టం కొద్దీ డ్రిప్ వరసలో మొదటే ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. ఒకవేళ దాని సూచిక 1.2 వచ్చి చివరికి పోయి ఉంటే, అమ్మాయి వరస ప్రకారం డ్రిప్ వదిలేసి డబ్బంతా కొత్త తోటలకే పెట్టేవారు. ఒక పని చేస్తేనే ఇంకోటి నిలబడేటప్పుడు, రెంటినీ కలిపి ఒకే పనిగా రాసి సూచిక కట్టాలి.

ఇప్పుడు అమ్మాయి ప్లాన్‌ను 5 గంటల నీళ్లలో పెట్టి చూడండి. పందిరికి 2, చీనీ మొత్తానికి 4. ఇక్కడికే 6 అయింది, ఒక గంట తక్కువ పడింది. 8 ఎకరాల చీనీ కుదరదు. దానిమ్మ కోసం నీళ్లు మిగల్చకపోతే 6 ఎకరాల చీనీ వరకు వెళ్లొచ్చు.

కొరత నీళ్లదైనప్పుడు వరస ఎలా తిరగబడుతుందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. సూచికలో డబ్బుతో భాగించాం, ఇప్పుడు మోటారు గంటతో భాగిద్దాం. దానిమ్మ 7 లక్షలను గంటన్నరతో భాగిస్తే గంటకు 4.67 లక్షలు. పందిరి గంటకు 2.25 లక్షలు. చీనీ గంటకు 1.2 లక్షలు. డబ్బు లెక్కలో అడుగున ఉన్న దానిమ్మ నీటి లెక్కలో అందరికంటే పైకి వచ్చింది. అసలు సూచిక వెనక ఉన్న ఆలోచన ఇదే. ఏది తక్కువగా ఉందో దానితో భాగించాలి. పుస్తకాల్లో అది డబ్బు కాబట్టి డబ్బుతో భాగిస్తారు.

మీకు రెండూ తక్కువే. 30 లక్షలూ కొరతే, 5 గంటలూ కొరతే. అప్పుడు ఒక్క వరస చాలదు, రెండు హద్దుల్లోనూ కుదిరే కలయిక వెతకాలి. దీనికి లీనియర్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి ఉంది, మీ అమ్మాయి క్లాసులో చెప్పే ఉంటారు. ఎక్సెల్‌లో సాల్వర్ అనే సదుపాయంతో పది నిమిషాల పని. నేను చేసి చూస్తే డ్రిప్ మొత్తం, పందిరి మొత్తం, చీనీ 5 ఎకరాలు, దానిమ్మ ఎకరా అరవై సెంట్లు వచ్చింది. నిండు ఎకరాల్లోకి మార్చితే చీనీ 4, దానిమ్మ 2. ఖర్చు 6, 10, 6, 8 కలిపి సరిగ్గా 30 లక్షలు. నీళ్లు 4.6 గంటలు. మిగిలేది 13.3 లక్షలు. ఆ అమ్మాయి మొదట చెప్పిన 13.6కు 30 వేలే తక్కువ, కానీ ఇది బోరుకు సరిపోయే ప్లాన్.

ఇక్కడితో ఉత్తరం ముగించేవాణ్నే. కానీ మీ దానిమ్మ కాగితంలో ఒక పంక్తి నన్ను ఆపింది. "చుట్టూ కంచె: 2.5 లక్షలు".

5 ఎకరాలకు 20 లక్షలు కాబట్టి 2 ఎకరాలకు 8 లక్షలు అనుకున్నాం. మొక్కలు, గుంతలు, ఎరువు, డ్రిప్ పైపులు ఎకరాల లెక్కనే తగ్గుతాయి. కంచె తగ్గదు. 5 ఎకరాల చదరపు మడికి ఒక్కో వైపు 142 మీటర్లు, చుట్టుకొలత దాదాపు 570 మీటర్లు. 2 ఎకరాల మడికి ఒక్కో వైపు 90 మీటర్లు, చుట్టుకొలత 360 మీటర్లు. నేల ఐదు వంతుల్లో రెండు వంతులకు పడిపోయింది, కంచె మాత్రం అరవై మూడు శాతం దగ్గరే ఆగింది. 2.5 లక్షల్లో అది దాదాపు 1.6 లక్షలు. మనం 8 లక్షల్లో కంచెకు లక్షే లెక్కేశాం. కాబట్టి 2 ఎకరాల దానిమ్మకు నిజంగా అయ్యేది 8.6 లక్షలు, మిగిలేది 2.8 కాదు, 2.2 లక్షలు. దాని సూచిక 1.35 నుంచి 1.26కు దిగింది.

ముక్కలుగా కోయగల పని అని అనుకోవడంలో ఉన్న చిక్కు ఇదే. నేల ముక్కలవుతుంది, దాని ఖర్చులన్నీ ముక్కలవ్వవు. మీ మిగతా కాగితాల్లో కూడా ప్రతి పంక్తి పక్కనా ఒక ప్రశ్న వేసుకోండి. ఎకరాలు సగం చేస్తే ఈ ఖర్చు సగమవుతుందా? పందిరికి రాతి స్తంభాలు, తీగ దాదాపు ఎకరాల లెక్కనే నడుస్తాయి. మందు కొట్టే యంత్రం, కావలి మనిషి జీతం నడవవు. సగం కాని పంక్తులు ఎక్కువైన పనిని చివర్లో ముక్కగా పెట్టుకుంటే సూచిక మనల్ని మోసం చేస్తుంది. మీ వరసలో చివర ఉన్నది దానిమ్మే కావడం మీ దురదృష్టం.

కంచె సరిచేశాక మీ ముందు రెండు ప్లాన్లు మిగులుతాయి. మొదటిది డ్రిప్, పందిరి 4 ఎకరాలు, చీనీ మూడున్నర ఎకరాలు, దానిమ్మ 2 ఎకరాలు. ఖర్చు 29.85 లక్షలు, మిగిలేది 12.4 లక్షలు. రెండోది డ్రిప్, పందిరి 4 ఎకరాలు, చీనీ 6 ఎకరాలు, దానిమ్మ అసలు లేదు. ఖర్చు 25 లక్షలు, మిగిలేది 11.7 లక్షలు, చేతిలో 5 లక్షలు ఉంటాయి. నీళ్లు సరిగ్గా 5 గంటలు. రెండింటి మధ్య తేడా చూడండి. అదనంగా 4.85 లక్షలు పెడితే అదనంగా వచ్చేది 70 వేలు, అంటే రూపాయికి 14 పైసలు. దానిమ్మ 5 ఎకరాలూ వేసి పందిరి బాగా తగ్గించే మూడో ప్లాన్ కూడా వేసి చూశాను, అదీ 12.4 దగ్గరే ఆగుతుంది. పైగా డబ్బులో మూడింట రెండు వంతులు ఒకే పంట మీద పడతాయి.

నేనైతే రెండో ప్లాన్‌కే మొగ్గుతాను. ఆ 5 లక్షలు ఊరికే ఉండటానికి ఒక ధర ఉందని నాకు తెలుసు. బ్యాంకులో 7 శాతానికి వేస్తే, 12 శాతం కొలతలో ఏడాదికి దాదాపు 22 వేలు నష్టం. ఆ ధర కట్టమని చెప్పడానికి కారణం మీ చీనీ కాగితంలోనే ఉంది.

కొత్త చీనీకి కాపు రాకముందు నాలుగేళ్లపాటు ఎకరాకు ఏటా 25 వేలు ఖర్చని రాశారు. బామ్మర్ది దాన్ని వచ్చే డబ్బులోంచి తీసేసి ఎన్‌పీవీ కట్టాడు, విలువ లెక్కలో అది సరైనదే. కానీ ఆ 25 వేలు ఏ చేతిలోంచి వస్తాయన్నది వేరే ప్రశ్న. 6 ఎకరాలకు ఏటా లక్షన్నర కావాలి. పాత తోట రాబడిలోంచి ఇస్తామని అనుకున్నారు. పాత తోట కూడా చీనీయే. ధర పడిపోయిన ఏడు ఆ రాబడీ పడిపోతుంది, అప్పు చేయొద్దన్న అమ్మ మాటా అలాగే ఉంటుంది. అప్పుడు వచ్చే ఏడాది చేతిలో ఉండే డబ్బు కూడా ఒక హద్దే అవుతుంది. ఈ రోజు డబ్బుతో భాగించిన సూచిక ఆ హద్దును చూడలేదు. ఈ చిక్కును చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన లోరీ, సావేజ్ అనే ఇద్దరు ఆచార్యులు 1955లోనే చర్చించారు. ఒకటి కంటే ఎక్కువ ఏళ్లలో డబ్బుకు హద్దు ఉంటే వరస పెట్టడం చాలదు, ఏడాదికో హద్దు పెట్టి అన్నీ కలిపి ఒకేసారి తేల్చాలి. మీకు అంత లెక్క అక్కర్లేదు. చేతిలో 5 లక్షలుంటే మూడు చెడ్డ ఏళ్లు వరసగా వచ్చినా కొత్త మొక్కలకు నీళ్లూ ఎరువూ ఆగవు. మొక్క మూడో ఏట ఎరువు లేక కుంగిపోతే అది ఎన్‌పీవీలో ఏ పంక్తిలోనూ కనిపించని నష్టం.

అమ్మ మాట గురించి ఒకటి చెప్పాలి. అప్పు వద్దనడం బ్యాంకు పెట్టిన హద్దు కాదు, ఇంట్లో పెట్టుకున్న హద్దు. అలాంటి హద్దుకు ఎంత ఖర్చవుతోందో తెలుసుకుని పెట్టుకోవడం మంచిది. డబ్బుకు హద్దు లేదనుకుని, నీళ్లు 5 గంటలే ఉన్నాయనుకుని మళ్లీ వేశాను. డ్రిప్, పందిరి, దానిమ్మ మూడూ పూర్తిగా, మిగిలిన గంటన్నర నీళ్లతో 3 ఎకరాల చీనీ. ఖర్చు 40.5 లక్షలు, మిగిలేది 16.9 లక్షలు. అంటే ఇంకో 10.5 లక్షలు, 12 శాతం వడ్డీకి దొరికినా సరే, 30 లక్షల్లో దొరికే 12.4 కంటే 4.5 లక్షలు ఎక్కువ. అమ్మ మాట ధర అది. బామ్మర్ది ఈ అంకె పట్టుకుని మళ్లీ వాదనకు దిగొచ్చు. దిగితే ఒక్క విషయం అడగండి. ఆ అదనం దాదాపు అంతా దానిమ్మ నుంచే వస్తోంది. దానిమ్మకు కట్టిన 27 లక్షల విలువలో పాతిక శాతం పైన ఒక్క అడుగు తగ్గితే పెట్టిన 20 లక్షలకే సరిపోతుంది, మిగులు సున్నా. డ్రిప్‌కైతే ఆ ఓర్పు ముప్పై ఏడు శాతం దాకా ఉంది. దానిమ్మకు బ్యాక్టీరియా మచ్చ తెగులు తగిలితే కాయ పగిలి అమ్మకానికి పనికిరాకుండా పోతుంది. ఆ తెగులుకు తట్టుకోలేక తోటలు కొట్టేసిన వాళ్లు మన జిల్లాలో మీకు తెలిసే ఉంటారు. సొంత డబ్బు మీద ఆ దెబ్బ ఒకలా ఉంటుంది, వాయిదా కట్టాల్సిన అప్పు మీద ఇంకోలా ఉంటుంది. మొదటి ఏడు అమ్మ వైపే ఉంటాను నేను.

పని మొదలుపెట్టే ముందు రెండు కొలతలు మాత్రం స్వయంగా తీసుకోండి. మొదటిది, డ్రిప్ వేశాక పాత తోట నిజంగా 4 గంటలతో సరిపెట్టుకుంటుందా అన్నది. ఈ లెక్కంతా ఆ 3 గంటల ఆదా మీదే నిలబడింది. అది 2 గంటలే అయితే కొత్త పనులకు దొరికేది 4 గంటలు, చీనీ 6 ఎకరాలు కాస్తా 4కు తగ్గుతుంది. కాబట్టి డ్రిప్, పందిరి ముందు వేయించండి, ఒక ఎండాకాలం గడిచాక చీనీ గుంతలు తీయండి. రెండోది, బోరు పోత. 200 లీటర్ల డ్రమ్ము మోటారు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో జనవరిలో ఒకసారి, మే నెలాఖరులో ఒకసారి రాసిపెట్టుకోండి. మేలో పట్టే సమయం రెట్టింపైతే, 9 గంటలు మోటారు తిరిగినా జనవరి నీళ్లలో సగమే వస్తున్నట్టు లెక్క. అప్పుడు గంటలతో కాదు, డ్రమ్ములతో మళ్లీ భాగించుకోవాలి. దానిమ్మ గురించి మీకు అప్పటికీ మనసు లాగుతుంటే, పాత తోటకు ఇప్పటికే కంచె ఉన్న పక్కనే 2 ఎకరాలు చూడండి. ఒక వైపు 90 మీటర్లు కలిసొస్తే కంచె ఖర్చు దాదాపు 40 వేలు తగ్గుతుంది. ఆ కొత్త అంకెతో సూచిక మళ్లీ కట్టమని అమ్మాయికే చెప్పండి.